అమ్మోనియా మాక్ డ్రిల్ డీబ్రీఫ్: రికార్డింగ్ నుంచి యాక్షన్ లిస్ట్ దాకా (ప్రాజెక్టు డైరీ)

సోమవారం

మాది భీమవరం పక్కన రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్, నేను అక్కడ సేఫ్టీ చూస్తాను. ప్లేట్ ఫ్రీజర్లు, ఐక్యూఎఫ్, కోల్డ్ స్టోరేజ్, ఐస్ ప్లాంట్ అన్నీ అమ్మోనియా మీదే నడుస్తాయి. ప్రమాదకర కెమికల్స్ పెద్ద మొత్తంలో ఉండే సైట్లకి 1989 ఎంఎస్ఐహెచ్‌సి రూల్స్ ప్రకారం ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ తప్పనిసరి. మా దగ్గర స్టాక్ ఆ లిమిట్ కంటే చాలా తక్కువే అయినా మేం కూడా ఆరు నెలల లెక్కే పెట్టుకున్నాం. మొన్న శనివారం డ్రిల్ అయింది, భోజనాలయ్యాక క్యాంటీన్‌లో అందర్నీ కూర్చోబెట్టి డీబ్రీఫ్ పెట్టాం, అది మొత్తం ఫోన్‌లో రికార్డ్ చేశా. గంటా పది నిమిషాల పైనే ఉంది.

ఇప్పుడు ఈ రికార్డింగ్‌లోంచి రెండు తీయాలి. ఒకటి, ఏం నేర్చుకున్నాం అనేది. రెండు, ఏం మార్చాలి, ఎవరు మార్చాలి, ఎప్పటికి అనేది. ఇన్నాళ్లూ మా ఫైల్లో ఉన్న డ్రిల్ రిపోర్టులు తిరగేస్తే అన్నిట్లో చివరి పేజీ ఒకేలా ఉంది, "వర్కర్లకు అవగాహన కల్పించాలి, సైరన్ మెరుగుపరచాలి, హెడ్ కౌంట్ త్వరగా చేయాలి", ఎదురుగా "అన్ని డిపార్ట్‌మెంట్లు" అని. అలాంటి పేజీ వల్ల ఒక్క వాల్వ్ కూడా మారదు, అందుకే ఈసారి పద్ధతిగా చేసి, చేసేది చేస్తున్నట్టే ఇక్కడ రాసుకుంటున్నా, మా లాంటి ప్లాంట్లలో పనిచేసేవాళ్ళకి పనికొస్తుందని.

రికార్డింగ్ మొదలయ్యే ముందే ఒక మాట గట్టిగా చెప్పాను, అది కూడా రికార్డ్ అయింది: "ఇది రిపోర్ట్ రాసుకోడానికే, రిపోర్ట్‌లో ఎవరి పేరూ ఉండదు, ఉద్యోగం పేరే ఉంటుంది, లిస్ట్ ఫైనల్ అయ్యాక ఆడియో డిలీట్ చేస్తా". ఆ మాట లేకపోతే కాంట్రాక్ట్ వాళ్ళు నోరు విప్పరు. ఫోన్ కూడా జీఎం గారి ముందు పెట్టకుండా మేస్త్రులు కూర్చున్న బెంచీ మీద పెట్టా, ఎందుకంటే ఆఫీసర్ల గొంతు గది ఆ చివర్నుంచైనా వినపడుతుంది, నెమ్మదిగా మాట్లాడేవాళ్ళదే పోతుంది.

క్యాంటీన్ ఫ్యాన్లూ, పక్కన కోల్డ్ రూమ్ హోరూ బాగా పడ్డాయి. ముందు ఆ హోరు కొంత తగ్గించా:

```
ffmpeg -i debrief.m4a -af "highpass=f=150,lowpass=f=3500" -ac 1 debrief_clean.wav
```

కింద గుయ్యిమనే సౌండూ పైన సర్రుమనేదీ రెండూ పోయి మనిషి గొంతు ఉండే భాగం మిగులుతుంది. స్టూడియో క్వాలిటీ ఏం రాదు గానీ మాట అర్థమవుతుంది. ఒరిజినల్ ఫైల్‌ని మాత్రం ముట్టుకోలేదు.

మంగళవారం

మొదటిసారి ఏమీ రాయకుండా మొత్తం విన్నా. రెండోసారి వీఎల్‌సీలో స్పీడ్ తగ్గించి వింటూ షీట్‌లో ఎక్కించడం మొదలెట్టా. ప్రతి మాటా రాయలేదు, అంత అవసరం లేదు, కానీ ప్రతి పాయింట్ పక్కన ఆడియోలో ఏ నిమిషం, మాట్లాడింది ఏ ఉద్యోగం అనేవి రాశా. ఆ పక్కన ఇంకో కాలమ్ పెట్టా, ఈ పని మొత్తానికి ప్రాణం అదే: ఆ మనిషి చెప్పింది కళ్ళతో చూసిందా, కారణం అనుకుంటున్నదా, సలహానా, లేక చేస్తానని ఒప్పుకున్న మాటా. ఈ నాలుగూ డీబ్రీఫ్‌లో కలిసిపోయి వస్తాయి. "లిస్ట్ లేటుగా వచ్చింది, హెచ్ఆర్ వాళ్ళు పట్టించుకోట్లేదు, టాబ్ పెడితే సరిపోద్ది, చేద్దాం సార్" అని సెక్యూరిటీ ఇన్‌ఛార్జ్ ఒకే ఊపులో అన్నాడు, అందులో చూసింది మొదటి ముక్క ఒక్కటే. రెండోది ఆయన అభిప్రాయం, మూడోది సలహా, నాలుగోది చూడ్డానికి ఒప్పుకున్నట్టే ఉంటుంది గానీ ఎవరు చేస్తారో అందులో లేదు. అలాంటి చోట్లన్నీ "ఎవరు?" అని ఎర్ర రంగులో పెట్టుకుంటూ పోయా.

వినపడని చోట [వినపడలేదు] అని రాసి వదిలేశా. అక్కడ ఊహించి పూరిస్తే మన మనసులో ముందే ఉన్న కారణమే వచ్చి కూర్చుంటుంది. ఆ చోట్లకి ఎవరు మాట్లాడారో తెలుసు కాబట్టి తర్వాత వెళ్ళి అడగొచ్చు.

మధ్యాహ్నానికి ఒక విషయం తేలింది. మొత్తం టైంలో సగానికి పైగా ముగ్గురే మాట్లాడారు: యుటిలిటీ మేనేజర్ గారు, ప్రొడక్షన్ మేనేజర్ గారు, సెక్యూరిటీ ఇన్‌ఛార్జ్. డ్రిల్ మొదట్లో లీక్ అయిందని రాసిన కార్డు అందుకున్న కంప్రెసర్ ఆపరేటర్ ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. పీలింగ్ షెడ్ మేస్త్రమ్మ ఒక్కసారే మాట్లాడింది, అదీ నలభయ్యో నిమిషం దాటాక, ఎవరో మధ్యలో అడ్డం వచ్చేశారు కూడా. ఎక్కువసార్లు వినిపించిన పాయింట్ పెద్ద పాయింట్ అనుకుని లెక్కేస్తే ఈ ఇద్దరూ రిపోర్ట్‌లో ఉండరు.

బుధవారం

ఈ రోజంతా గడియారాలతోనే సరిపోయింది. డీబ్రీఫ్‌లో చెప్పే టైములు నమ్మడానికి లేదు, అందుకే అబ్జర్వర్ల షీట్లు, సీసీటీవీ, ఫోన్ కాల్ లాగులు పక్కపక్కన పెట్టా. సీసీటీవీ డీవీఆర్ గడియారం ఫోన్ టైం కంటే నాలుగు నిమిషాలు ముందుంది. ఇది ఎక్కడైనా ఉండే సమస్యే. సైరన్ మోగిన క్షణం అబ్జర్వర్ ఫోన్ వీడియోలో వినపడుతుంది, అదే క్షణం సీసీటీవీలో గేటు దగ్గర జనం ఒక్కసారి తలెత్తి చూడటం కనపడుతుంది, ఆ రెండూ కలిపి తేడా సరిచేశా. తర్వాత గడియారం టైములు తీసేసి, ఆపరేటర్ చేతికి "లిక్విడ్ లైన్ వాల్వ్ గ్లాండ్ దగ్గర లీక్" అన్న కార్డు ఇచ్చిన క్షణాన్ని సున్నా అనుకుని అన్నీ నిమిషాల్లో రాశా.

అలా రాస్తే వచ్చింది ఇదీ. సున్నాలో కార్డు, ఒకటో నిమిషంలో ఆపరేటర్ షిఫ్ట్ ఇంజనీర్‌కి ఫోన్, నాలుగో నిమిషంలో షిఫ్ట్ ఇంజనీర్ యుటిలిటీ మేనేజర్ గారికి ఫోన్, ఏడో నిమిషంలో సైరన్. పదకొండుకి పీలింగ్ హాల్ ఖాళీ. పదహారుకి అసెంబ్లీ పాయింట్‌లో మొదటి లెక్క, ముగ్గురు తక్కువ. పద్దెనిమిదికి రెస్క్యూ టీమ్‌ని రెడీ అవ్వమన్నారు. ఇరవై నాలుగుకి ఇద్దరు గాలి సిలిండరూ మాస్కూ ఉండే బీఏ సెట్లు తగిలించుకుని కంప్రెసర్ రూమ్ తలుపు దగ్గరికి వచ్చారు. ముప్పై ఒకటికి ఆ ముగ్గురు ఆడవాళ్ళు ఐస్ ప్లాంట్ వెనక రోడ్డు మీద ఉన్నారని తెలిసింది.

రికార్డింగ్‌లో యుటిలిటీ మేనేజర్ గారు "రెండు మూడు నిమిషాల్లో సైరన్ కొట్టించాం" అంటారు. ఆయన అన్నది తప్పు కాదు, ఆయన ఫోన్ మోగిన దగ్గర్నుంచి లెక్కేస్తే మూడే నిమిషాలు. షిఫ్ట్ ఇంజనీర్ కూడా తన దాకా వచ్చిన దగ్గర్నుంచే లెక్కేశాడు. సెక్యూరిటీ వాళ్ళు సైరన్ నుంచి లెక్కేశారు. ఒక్కొక్కరి లెక్క ఒక్కొక్కటిగా చూస్తే బాగానే ఉంది, గ్యాస్ లెక్క మాత్రం సున్నా నుంచే మొదలవుతుంది. ఈ టైంలైన్ లేకుండా ఆడియో ఒక్కటే పట్టుకుని సమ్మరీ రాసి ఉంటే "సైరన్ స్పందన బాగుంది" అని బలాల్లోకి పోయేది.

గురువారం

ఇప్పుడు కారణాలు. మూడు విషయాలు తీసుకున్నా, మిగతా చిన్నాచితకా వేరే పేజీలో పెట్టా. ఇరవై పాయింట్ల లిస్ట్ ఇస్తే ఎవరూ చదవరు, చదివినా తేలికైనవి నాలుగు చేసి టిక్ పెడతారు.

మొదటిది సైరన్. కంప్రెసర్ ఆపరేటర్ దగ్గరికి నేనే వెళ్ళా, ప్లాంట్ రూమ్ బయట టీ తాగుతూ మాట్లాడాం. "నువ్వే నొక్కొచ్చు కదా తమ్ముడూ" అంటే, "నొక్కొచ్చని ఎక్కడా రాసి లేదు కదండీ, ఒట్టినే మోగించి ప్రొడక్షన్ ఆపేశావంటే ఎవరు సమాధానం చెప్తారండీ" అన్నాడు. ఇంకోటి, బటన్ కూడా అక్కడ లేదు, సెక్యూరిటీ క్యాబిన్‌లో ఒకటి, ప్యానెల్ రూమ్‌లో ఒకటి, అంతే. అంటే లీక్ మొదట కనపడే మనిషికి అధికారమూ లేదు, బటనూ అందదు. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ స్టైరీన్ లీక్ అయినప్పుడు సైరన్ మోగించలేదని హై పవర్ కమిటీ రిపోర్ట్‌లో ఉంది, మోగించే పాయింట్లు ఫ్యాక్టరీలో చాలా ఉండి కూడా. ఆ ఒక్క విషయం ఈ జిల్లాల్లో సేఫ్టీ పని చేసే ప్రతివాళ్ళకీ గుర్తుండాలి. బటన్ ఉన్నంత మాత్రాన చాలదు, నొక్కే మనిషికి భయం ఉండకూడదు.

రెండోది హెడ్ కౌంట్. డీబ్రీఫ్‌లో దీనికి మూడు కారణాలు చెప్పారు. హెచ్ఆర్ లిస్ట్ లేటు అని సెక్యూరిటీ, వర్కర్లు లైన్లో నిలబడలేదని ప్రొడక్షన్, జనం ఎక్కువ స్థలం తక్కువ అని ఇంకొకరు. మేస్త్రమ్మ మాట ఇలా ఉంది: "మా పిల్లలు ముగ్గుర్ని పొద్దున్నే ఐసు కాడికి పంపారండీ, పుస్తకం లోపలుండిపోయిందండీ, నేనెలా..." అంతే, మధ్యలో ఎవరో "అది తర్వాత మాట్లాడదాం" అన్నారు, తర్వాత [వినపడలేదు]. ఆ "పుస్తకం" ఏంటో తెలుసుకోడానికి ఆవిడ దగ్గరికెళ్ళా. కాంట్రాక్ట్ వాళ్ళ హాజరు పుస్తకం కాంట్రాక్టర్ గదిలో ఉంటుంది, ఆ గది కంప్రెసర్ రూమ్‌కి గోడ పక్కన. సైరన్ మోగితే ఎవరూ అటు వెళ్ళకూడదు, పుస్తకం మాత్రం అక్కడే. గేటు దగ్గర ఉన్నది హెచ్ఆర్ పర్మనెంట్ స్టాఫ్ లిస్ట్, కాంట్రాక్ట్ వాళ్ళకి కేవలం వ్యాన్ల లెక్క. పైగా పొద్దున ఐస్ ప్లాంట్‌కి మార్చిన ముగ్గురి సంగతి ఆ పుస్తకంలోనూ ఎక్కలేదు, ఆవిడ తలలో ఉంది. ఐస్ ప్లాంట్ వాళ్ళు గాలి వాటం చూసి వెనక రోడ్డు వైపు వెళ్ళారు, అది సరైన పనే.

మూడోది బీఏ సెట్. తలుపు దగ్గర అబ్జర్వర్ గేజ్ చూస్తే ఒక సిలిండర్ 140 బార్ ఉంది. మా సిలిండర్లు 6 లీటర్లవి, నిండితే 300 బార్, అంటే 1800 లీటర్ల గాలి, నిమిషానికి 40 లీటర్ల చొప్పున 45 నిమిషాలు. 140 బార్ అంటే 840 లీటర్లు, అందులో గాలి అయిపోవస్తోందని విజిల్ మోగే 55 బార్ దగ్గర మిగిలే 330 తీసేస్తే చేతిలో ఉండేది 510 లీటర్లు, అంటే పన్నెండు నిమిషాల చిల్లర. అందులో సగం బయటికి రావడానికి. బరువు పని చేస్తూ, మనిషిని మోస్తూ ఉంటే నిమిషానికి 40 లీటర్లతో ఆగదు, ఇంకా తక్కువే వస్తుంది. నెలనెలా చెక్‌లిస్ట్‌లో మాత్రం ఆ సెట్‌కి ఎదురుగా "ఓకే" అని టిక్ ఉంది. చెక్‌లిస్ట్ చూశా, అందులో ఓకే, నాట్ ఓకే అన్న రెండే గడులున్నాయి, ప్రెషర్ రాసే చోటే లేదు. ట్రైనింగ్‌లో వాడిన సిలిండర్‌ని ఫిల్లింగ్‌కి పంపలేదు, పంపితే సెట్ ఖాళీగా ఉంటుందని, ఎందుకంటే స్పేర్ లేదు.

ఇక్కడ ఒకసారి ఆగి రెండో దాన్నీ మూడో దాన్నీ కలిపి చూడండి. ముగ్గురు నిజంగా లోపల లేరు, లెక్క తప్పు. ఆ తప్పు లెక్క నమ్మి ఇద్దరు మగపిల్లల్ని పన్నెండు నిమిషాల గాలితో లోపలికి పంపబోయాం. అమ్మోనియా 300 పీపీఎం దాటితే ప్రాణానికి వెంటనే ప్రమాదం అని లెక్క, లిక్విడ్ లీక్ అయిన గదిలో అది దాటడానికి ఎంతో సేపు పట్టదు. లేని మనుషుల్ని వెతుకుతూ ఉన్న మనుషులు పోయేవాళ్ళు. రికార్డింగ్ మొత్తంలో ఈ రెండిటినీ ఎవరూ కలపలేదు, ఎందుకంటే హెడ్ కౌంట్ గురించి మాట్లాడింది గేటు వాళ్ళు, సిలిండర్ గురించి మాట్లాడింది యుటిలిటీ వాళ్ళు, ఇరవై నిమిషాల తేడాతో. సమ్మరీ రాసేవాళ్ళు చేయాల్సిన పని ఇదేనని నాకు గట్టిగా అనిపించింది. ఒక్కో డిపార్ట్‌మెంట్ పాయింట్లు ఒక్కో హెడ్డింగ్ కింద పేర్చుకుంటూ పోతే ఇది కనపడదు, టైంలైన్‌లో పద్దెనిమిదో నిమిషం, ఇరవై నాలుగో నిమిషం పక్కపక్కన చూస్తేనే కనపడుతుంది.

శుక్రవారం

లెసన్స్ రాశా. నేను పెట్టుకున్న రూల్ ఒకటే: ఆ వాక్యం చదివితే డ్రిల్‌కి రానివాడికి కూడా ఏం జరిగి, దేనివల్ల, ఏం పోయేదో తెలియాలి. "హెడ్ కౌంట్ విధానం మెరుగుపరచాలి" అనేది లెసన్ కాదు, కోరిక. దాని బదులు ఇలా రాశా: "కాంట్రాక్ట్ వర్కర్ల పేర్లు గ్యాస్ వచ్చే చోటే ఉండటం వల్ల, షిఫ్ట్ మధ్యలో మార్చినవాళ్ళు ఎక్కడా ఎక్కకపోవడం వల్ల, బయట క్షేమంగా ఉన్న ముగ్గుర్ని లోపల ఉన్నారనుకుని రెస్క్యూకి సిద్ధమయ్యాం."

బాగా జరిగినవీ రాయాలి, అవి మర్యాద కోసం కాదు, వచ్చేసారి ఎవరో మార్చేయకుండా ఉండటానికి. పీలింగ్ హాల్ సైరన్ తర్వాత నాలుగు నిమిషాల్లో ఖాళీ అయింది, ఎందుకంటే ప్రతి టేబుల్‌కి ఒకావిడ ముందు నడిచింది, ఒడియా వాళ్ళ టేబుళ్ళకి ఒడియా వచ్చిన ఆవిడే. ఆ ఏర్పాటు అలాగే ఉండాలని రాశా.

తర్వాత యాక్షన్లు, అసలు పేచీ ఇక్కడే. డీబ్రీఫ్‌లో "హెచ్ఆర్ చూసుకుంటారు" అని తేల్చేశారు, హెచ్ఆర్ మేడమ్ ఆ రోజు లీవులో ఉన్నారు. గదిలో లేని మనిషికి పని అంటగట్టడం మీటింగుల్లో మామూలే, ఆ పని జరగదు. కాగితం పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్తే శాంతంగానే చెప్పారు, "చూడండీ, కాంట్రాక్ట్ వాళ్ళ హాజరు నా చేతిలో లేదు, కాంట్రాక్టర్‌ది. గేటు దాటేది మాత్రం ప్రతి మనిషీ దాటాలి, గేటు నాది కాదు". ఆ మాట నిజం. ఓనర్ అంటే ఆ విషయం గురించి ఎక్కువ తెలిసినవాళ్ళు కాదు, పెద్ద పోస్టులో ఉన్నవాళ్ళూ కాదు, ఆ పని రోజూ ఎవరి చేతిమీదుగా జరుగుతుందో వాళ్ళు. సెక్యూరిటీ ఇన్‌ఛార్జ్‌తో గేటు దగ్గరే నిలబడి మాట్లాడితే టాబ్ ఐడియా ఆయనే వదిలేశాడు, తడి చేతులతో, రెండు వందల మందితో, వ్యాన్లు ఆగి ఉండగా టాబ్ నడవదని. టోకెన్ బోర్డు అనుకున్నాం. లోపలికి వచ్చేటప్పుడు నంబర్ టోకెన్ బోర్డు మీద తన మేకుకి తగిలించాలి, వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళాలి. సైరన్ మోగితే బోర్డు మీద ఉన్నవే లోపలున్న మనుషులు. బోర్డు కింద చక్రాలు, అసెంబ్లీ పాయింట్‌కి తోసుకెళ్ళొచ్చు. టోకెన్ రంగు సెక్షన్‌ని బట్టి ఉంటుంది, మధ్యలో ఐస్ ప్లాంట్‌కి మారిస్తే మేస్త్రి వచ్చి రంగు మార్పించాలి. ఇందులో బలహీనమైన ముక్క ఈ ఆఖరిదే, మనిషి గుర్తుపెట్టుకోవాలి కాబట్టి, అది కూడా అలాగే రాశా.

షీట్‌లో ఒక్కో యాక్షన్ ఇలా ఉంది, మొదటిది మొత్తం ఇస్తున్నా:

```
యాక్షన్: గేటు దగ్గర చక్రాల టోకెన్ బోర్డు, సెక్షన్ రంగులతో
ఎందుకు: 16వ నిమిషం లెక్కలో ముగ్గురు తప్పు
ఓనర్: సెక్యూరిటీ ఇన్‌ఛార్జ్ (ఒప్పుకున్నారు, శుక్రవారం)
సాయం: డబ్బు శాంక్షన్ - జీఎం; టోకెన్లు - స్టోర్స్
అప్పటిదాకా: షిఫ్ట్ మొదట్లో మేస్త్రులు పేర్ల కాగితం గేటులో ఇవ్వాలి
గడువు: ఈ నెలాఖరు
పూర్తయినట్టు ఎలా తెలుస్తుంది: చెప్పకుండా పెట్టే డ్రిల్‌లో
  అసెంబ్లీ అయిన 5 నిమిషాల్లో లెక్క సరిపోవాలి
```

"అప్పటిదాకా" అనే లైన్ చాలా షీట్లలో ఉండదు. బోర్డు తయారయ్యేలోపు లీక్ రాదని ఎవరూ రాసివ్వలేదు కదా. ఇక "పూర్తయినట్టు" దగ్గర బోర్డు ఫోటో పెడితే చాలదని కావాలనే రాశా. బోర్డు కొనడం పని అయిపోవడం కాదు, లెక్క సరిపోవడం పని అయిపోవడం.

శనివారం

సైరన్ యాక్షన్‌కి ఓనర్ ఎవరంటే జీఎం గారే. కింద ఎవరికి రాసినా అది నడవదు, ఎందుకంటే మారాల్సింది భయం, ఆ భయం పోగొట్టగలిగేది సంతకం. ఆయన రూమ్‌కి వెళ్ళి టైంలైన్ ఒక్క పేజీ ముందు పెట్టా, రికార్డింగ్ వినిపించలేదు, ఆపరేటర్ అన్న మాట కూడా ఎవరిదో చెప్పకుండా చెప్పా. ఆయన ఏడో నిమిషం దగ్గర వేలు పెట్టి కాసేపు చూసి, "ఫాల్స్ అలారం వస్తే రోజుకి ఎంత నష్టమో తెలుసు కదండీ" అన్నారు. తెలుసు సార్, అందుకే డిటెక్టర్ రీడింగ్ గానీ, కళ్ళతో లీక్ చూడటం గానీ, ఈ రెండిట్లో ఏదో ఒకటి ఉంటే నొక్కొచ్చు అని రాద్దాం, వాసన ఒక్కటే అయితే ముందు చెక్ చేస్తారు, ఎందుకంటే అమ్మోనియా వాసన కొన్ని పీపీఎంల దగ్గరే తెలిసిపోతుంది, రోజూ ఏదో మూల కొంచెం వస్తూనే ఉంటుంది అన్నా. అప్పుడు ఒప్పుకున్నారు. ఒక పేజీ ఆర్డర్: ఈ రెండిట్లో ఏదున్నా ఏ ఆపరేటర్ అయినా ఎవర్నీ అడక్కుండా సైరన్ నొక్కొచ్చు, తప్పుడు అలారం అయినా మెమో ఉండదు. తెలుగులో, ఒడియాలో, హిందీలో అంటిస్తాం. కంప్రెసర్ రూమ్ తలుపు బయట కొత్త బటన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ పేరు మీద వేరే యాక్షన్. ఒకే యాక్షన్‌లో ఇద్దరు ఓనర్లని పెడితే ఒకరు ఇంకొకరి కోసం ఎదురుచూస్తారు, అందుకే విడగొట్టా.

బీఏ సెట్లవి కూడా రెండుగా విడిపోయాయి. చెక్‌లిస్ట్‌లో టిక్ తీసేసి బార్ అంకె రాసే గడి, 270 కంటే తక్కువుంటే ఎర్ర ట్యాగ్ వేసి సెట్ పక్కన పెట్టడం, ఇది షిఫ్ట్ ఇంజనీర్‌ది, ఖర్చు లేదు కాబట్టి సోమవారానికే. స్పేర్ సిలిండర్లు రెండు కొనడం స్టోర్స్ ఇన్‌ఛార్జ్‌ది. స్పేర్ రాకపోతే మొదటిది కాగితం మీదే ఉంటుందని, ఎర్ర ట్యాగ్ వేస్తే సెట్ లేకుండా పోతుందని ఎవరూ ట్యాగ్ వేయరని రెండిటికీ ముడి పెట్టి రాశా. 140 బార్ సిలిండర్ మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా గురువారమే ఫిల్లింగ్‌కి పంపించాం.

యుటిలిటీ మేనేజర్ గారికి ఒక అభ్యంతరం వచ్చింది, "అందరికీ బీఏ సెట్ ట్రైనింగ్" అన్న ఆయన సలహా లిస్ట్‌లో లేదని. ట్రైనింగ్ వద్దని కాదు సార్, ఆ ఇద్దరూ సెట్ సరిగ్గానే వేసుకున్నారు, అబ్జర్వర్ షీట్‌లో ఉంది, అక్కడ లేనిది గాలి అని చెప్పా. రికార్డింగ్‌లో వచ్చిన ప్రతి సలహాకీ లిస్ట్‌లో చోటిచ్చానా లేదా అని కాకుండా, తీసుకోని వాటిని ఎందుకు తీసుకోలేదో ఒక్కో లైన్ రాసి చివరి పేజీలో పెట్టా. ఆయన అది చదివాక సరే అన్నారు. మాట్లాడినవాళ్ళకి తమ మాట ఎటుపోయిందో తెలియకపోతే వచ్చే డీబ్రీఫ్‌లో మాట్లాడరు.

సాయంత్రం డ్రాఫ్ట్‌ని మేస్త్రమ్మకి, ఆపరేటర్‌కి, ఇంకో ఇద్దరు మేస్త్రులకి చదివి వినిపించా. మేస్త్రమ్మ ఒకటి సరిచేసింది. ఐస్ ప్లాంట్‌కి పంపమన్నది తను కాదు, ప్రొడక్షన్ సూపర్‌వైజర్ నోటిమాటగా చెప్పాడు, కాబట్టి టోకెన్ రంగు మార్పించాల్సింది కూడా మార్చమన్నవాళ్ళే అంది. నిజమే, ఆ లైన్లో మేస్త్రి తీసేసి సూపర్‌వైజర్ అని పెట్టా, ఆయన్ని అడిగి ఒప్పించాకే.

ఆ తర్వాతి వారం, ఇప్పటి పరిస్థితి

చెక్‌లిస్ట్ మారింది, మొదటి రోజే ఇంకో సెట్ 250 బార్ అని బయటపడింది, ఎర్ర ట్యాగ్ పడింది. సైరన్ ఆర్డర్ సంతకమైంది, ఒడియా కాపీ ఇంకా రావాలి. బటన్‌కి కేబుల్ లాగుతున్నారు. టోకెన్ బోర్డుకి కొటేషన్ వచ్చింది, అప్పటిదాకా మేస్త్రుల కాగితాలు గేటులో పడుతున్నాయి, రాత్రి షిఫ్ట్‌లో మాత్రం రెండు సార్లు రాలేదు, అది సెక్యూరిటీ ఇన్‌ఛార్జ్‌కి చెప్పా. స్పేర్ సిలిండర్లు పర్చేజ్ దగ్గర ఆగాయి, శుక్రవారం లోపు ఆర్డర్ వెళ్ళకపోతే జీఎం గారి రివ్యూలో మొదటి లైన్ అదే.

ఈ లిస్ట్ చెప్పని విషయం ఒకటుంది. డ్రిల్ పగలు, ముందే చెప్పి పెట్టాం. రాత్రి షిఫ్ట్‌లో జనం తక్కువ, యుటిలిటీ మేనేజర్ గారు ఉండరు, గాలి కూడా పగటిలా ఉండదు, సముద్రం దగ్గర కాబట్టి పగలు ఇటు వీచేది రాత్రి తిరుగుతుంది. ఇప్పటి అసెంబ్లీ పాయింట్ అప్పుడు గ్యాస్ దారిలో పడొచ్చు. అందుకే వచ్చే డ్రిల్ రాత్రి పన్నెండు దాటాక, చెప్పకుండా. తేదీ జీఎం గారికీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. ఓనర్లందరికీ మాత్రం వాళ్ళ వాళ్ళ యాక్షన్ దేంతో కొలుస్తామో ఇప్పుడే ఇచ్చేశా: కార్డు ఇచ్చిన నిమిషంలోపు సైరన్, అసెంబ్లీ అయిన ఐదు నిమిషాల్లో లెక్క, తలుపు దగ్గర రెండు గేజులూ 270 పైన.